గుర్రుమనే కుక్కకి దత్తత పోస్ట్ ఎలా రాయాలి?

ప్రశ్న: విజయవాడలో మా సందులో దెబ్బ తగిలి పడి ఉన్న ఆడకుక్కని తెచ్చి నెలన్నరగా మా మేడ మీద పెట్టుకున్నాం. సుమారు రెండేళ్లుంటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, వ్యాక్సిన్లు అయ్యాయి. "అర్జెంట్! ఈ మూగజీవికి ఒక ఇల్లు ఇవ్వండి, చాలా ప్రేమగా ఉంటుంది, దయచేసి షేర్ చేయండి" అని పోస్ట్ పెడితే వందల షేర్లు వచ్చాయి, ఇల్లు మాత్రం దొరకలేదు. ఒక కుటుంబం తీసుకెళ్లి, అన్నం తింటుంటే పిల్లాడి మీద గుర్రుమందని ఆరో రోజున తెచ్చి వదిలేశారు. పోస్ట్ మళ్లీ ఎలా రాయాలి? గుర్రుమంటుందని రాస్తే అసలెవరైనా వస్తారా?

---

వస్తారండీ. తక్కువ మంది వస్తారు, కానీ తెలిసి వస్తారు. కాబట్టి ఆ సంగతి తప్పకుండా రాయండి. ఎప్పుడు గుర్రుమంటుంది, ఎవరి మీద, ఎంత దగ్గరికి వెళ్తే, అప్పుడు మీరేం చేస్తే సర్దుకుంటుంది, ఈ నాలుగూ కలిపి రాయండి. మిగతా పోస్ట్‌ని కూడా ఇదే పద్ధతిలో మార్చాలి. జాలి పుట్టించే మాటలు తీసేసి, ఈ కుక్కతో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చదివేవాళ్ల కళ్లకి కట్టేలా రాయాలి.

నేను విశాఖలో ఉంటాను. పదకొండేళ్లుగా వీధికుక్కల్ని ఇంట్లో పెట్టుకుని, కోలుకున్నాక ఇళ్లు చూసి పంపిస్తున్నాను. మొదటి మూడేళ్లు నా పోస్టులూ మీ పోస్ట్‌లాగే ఉండేవి. షేర్లకి కొదవ ఉండేది కాదు. ఎందుకంటే జాలి పడ్డ మనిషి షేర్ నొక్కగానే తన వంతు అయిపోయిందనుకుంటాడు. నిజంగా కుక్కని తెచ్చుకోవాలనుకునే మనిషి మనసులో వేరే ప్రశ్నలుంటాయి. నేను ఆఫీసుకి వెళ్తే ఒంటరిగా ఉంటుందా? మా అమ్మకి డెబ్బై ఏళ్లు, గొలుసు పట్టుకుంటే లాగేస్తుందా? మేం ఉండేది మూడో అంతస్తు, మెట్లెక్కుతుందా? "చాలా ప్రేమగా ఉంటుంది" అన్న మాటలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే వాళ్లు చదివి, పాపం అనుకుని, ముందుకి వెళ్లిపోతారు. జవాబులేవీ అక్కర్లేకుండా తొందరపడి వచ్చేవాళ్లే ఫోన్ చేస్తారు. ఆరో రోజున తెచ్చి వదిలేసేది కూడా ఎక్కువగా వాళ్లే.

రాయడానికి ముందు నాలుగైదు రోజులు చూసి రాసుకోండి. పోస్ట్ బాగా రావడం భాష చేతిలో కన్నా మీ నోట్‌బుక్ చేతిలో ఎక్కువ ఉంటుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా అది ఏం చేస్తే అది, టైంతో సహా రాయండి. "భయస్తురాలు" అని కాదు, "చీపురు చేతిలోకి తీసుకోగానే నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి పది నిమిషాలు బయటికి రాలేదు" అని. "పిల్లలంటే ఇష్టం" అని కాదు, "పక్కింటి తొమ్మిదేళ్ల పాప వచ్చి కూర్చుంటే తనంతట తానే వెళ్లి పక్కన పడుకుంది" అని. గుణం పేరు చెప్తే చదివేవాళ్లు తమకి తోచినట్టు ఊహించుకుంటారు. కంటితో చూసిన పని చెప్తే అందరికీ ఒకే కుక్క కనపడుతుంది.

మీ విషయంలో ఒక మంచి సంగతి ఏమిటంటే నెలన్నర గడిచింది. వీధిలోంచి తెచ్చిన కొత్తలో కుక్క ఓ మూలన ముడుచుకుని, చప్పుడు చేయకుండా, ఎవరేం చేసినా ఊరుకుని ఉంటుంది. అప్పుడే పోస్ట్ రాసేవాళ్లు "చాలా నెమ్మదైనది, అసలు మొరగదు" అని రాస్తారు. అది నెమ్మదితనం కాదు, భయంతో బిగుసుకుపోవడం. రెండు మూడు వారాల తర్వాత ఆకలి, ఆట, కోపం అన్నీ బయటపడతాయి. కొత్త ఇంట్లోనూ మొదటి కొన్ని రోజులు ఇలాగే బిగుసుకుంటుందని పోస్ట్‌లో ఒక వాక్యం ఉండాలి. లేకపోతే మూడో వారంలో అది మొదటిసారి మొరిగినప్పుడు "మీరు చెప్పిన కుక్క ఇది కాదు" అని ఫోన్ వస్తుంది.

అయితే మేడ మీద ఉన్న కుక్క గురించి మీకు తెలియనివి రెండున్నాయి. ఇంట్లో మూత్రం పోస్తుందా, లోపల ఒంటరిగా ఉండగలదా అన్నవి. మేడ మీద ఎక్కడ పోసినా ఎవరూ పట్టించుకోరు, మీ దగ్గర అది తలుపు మూసిన గదిలో ఎప్పుడూ ఉండలేదు. కాబట్టి ఓ రెండు మూడు రాత్రులు కిందకి, మీరు పడుకునే గదిలోకి తెచ్చి చూడండి. పడుకునేముందు, లేచిన వెంటనే బయటికి తీసుకెళ్లండి. తర్వాత ఒకరోజు అది ఉన్న గది తలుపు వేసి, అల్మారా మీద ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, పది నిమిషాలు బయటికి వెళ్లి రండి. బాగానే ఉంటే మర్నాడు అరగంట. పది నిమిషాలు మూలిగి పడుకుంటే అదేం ఇబ్బంది కాదు. ఆగకుండా తలుపు గోకుతూ, రొప్పుతూ, చొంగ కారుస్తూ ఉంటే మాత్రం రోజంతా ఖాళీగా ఉండే ఇంటికి అది సరిపడదు. ఆ మాట పోస్ట్‌లో ఉండాలి. పరీక్షించడం కుదరకపోతే "మా దగ్గర మేడ మీదే ఉంది, ఇంటి లోపల ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు" అని రాసేయండి. తెలియనిది తెలియదని రాసిన పోస్ట్‌లో మిగతా మాటల్ని జనం నమ్ముతారు.

ఇక అన్నం గిన్నె సంగతి. వీధిలో పోటీపడి తిన్న కుక్క గిన్నెని కాపలా కాయడం చాలా మామూలు విషయం. పక్కకి ఇంకో ప్రాణి వచ్చిందంటే తన ముద్ద పోయినట్టేనని దానికి వీధి నేర్పింది. దాన్ని తిరిగి తెచ్చి వదిలేసిన కుటుంబాన్ని కూడా నేను తప్పుపట్టను. వాళ్లకి ఎవరూ చెప్పలేదు, పిల్లాడి గురించి వాళ్ల భయం న్యాయమైనదే.

దీన్ని గమనించేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి చూడకండి, గిన్నె లాక్కుని చూడకండి. చాలామంది "టెస్ట్ చేశాం" అని చెప్పేది ఇదే. దానివల్ల లేని జబ్బు వస్తుంది, ఉన్నది ముదురుతుంది. గిన్నె పెట్టి దూరంగా వెళ్లండి. పది పన్నెండు అడుగుల దూరం నుంచి, దానివైపు తిరగకుండా, మామూలుగా నడిచి వెళ్లండి. తింటూనే ఉందా, ఒళ్లు వదులుగా ఉందా చూడండి. మర్నాడు ఇంకో రెండడుగులు దగ్గరగా వెళ్లండి. గుర్రుమనడానికి ముందే గుర్తులు కనపడతాయి. నమలడం ఆపి ఒక్క క్షణం బిగుసుకుపోతుంది, లేదా ఉన్నట్టుండి గబగబా మింగుతుంది. తల గిన్నె మీదకి ఇంకా వంచి, తల తిప్పకుండా కంటి చివర్లోంచి చూస్తుంది, కంట్లో తెల్లగుడ్డు కనపడుతుంది. అది కనపడిన దూరం దగ్గరే ఆగిపోండి. ఆ దూరమే మీరు పోస్ట్‌లో రాయాల్సిన అంకె.

ఇంకా కొన్ని వివరాలు కావాలి. పెరుగన్నానికీ అంతేనా, చికెన్ ఎముకలున్నప్పుడేనా? పెద్దవాళ్లు వెళ్లినా గుర్రుమంటుందా, పిల్లలు, వేరే కుక్కలు వస్తేనేనా? తినేసి గిన్నె వదిలిపెట్టాక తీస్తే ఊరుకుంటుందా? ఎప్పుడైనా పళ్లు ఆనించిందా? పళ్లు దిగి చర్మం తెగి ఉంటే అది వేరే స్థాయి. అలాంటప్పుడు పోస్ట్ పెట్టే ముందు ట్రైనర్‌కి చూపించాలి, జరిగింది జరిగినట్టు రాయాలి. ఈ మధ్యే మొదలై ఉంటే ఒకసారి వెటర్నరీ డాక్టర్‌కి నోరు, పళ్లు, పాత దెబ్బ చూపించండి. నొప్పి ఉన్న కుక్క దేనికైనా గుర్రుమంటుంది.

గుర్రుమన్నందుకు కొట్టొద్దు, అరవొద్దు. ఈ మాట పోస్ట్‌లో కూడా రాయండి. గుర్రుమనడం అంటే "దగ్గరికి రావద్దు" అని నోటితో చెప్పడం. అది చెప్పినప్పుడల్లా దెబ్బ పడితే, చెప్పడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత హెచ్చరిక లేకుండానే కరవొచ్చు.

ఇంట్లో సర్దుకునే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. రెండు పూటలా ఒకే టైంకి, ఇంట్లో ఎవరూ అటు ఇటు తిరగని మూలలో గిన్నె పెట్టాలి. తిని పక్కకి వచ్చేదాకా ఎవరూ వెళ్లకూడదు. అది ఇంకో చోట ఉన్నప్పుడు గిన్నె తీయాలి. దానికి ఇబ్బంది లేని దూరం నుంచి వెళ్తూ రోజూ ఒకటి రెండు చిన్న చికెన్ ముక్కలు గిన్నె వైపు విసిరి ఆగకుండా వెళ్లిపోతే, మనిషి రావడం అంటే తిండి పోవడం కాదు, తిండి రావడం అని దానికి మెల్లగా అర్థమవుతుంది. వారాలు పడుతుంది. కొన్ని కుక్కల్లో పూర్తిగా పోతుంది, కొన్నింటిలో తగ్గి అక్కడే ఆగుతుంది. "ట్రైనింగ్‌తో పోతుంది" అని పోస్ట్‌లో మాట ఇవ్వకండి. మీరు ఇప్పటిదాకా చేసింది, ఇప్పటిదాకా వచ్చిన మార్పు మాత్రమే రాయండి.

దాచితే ఏమవుతుందో నాకు జరిగింది చెప్తాను. ఆరేళ్ల కిందట గాజువాక వైపు నుంచి ఒక ఆడకుక్క వచ్చింది. గోధుమరంగు, సుమారు మూడేళ్లు, 16 కిలోలు. గోధుమ అనే పిలిచేవాళ్లం. మనుషులంటే ప్రాణం, కానీ మా ఇంటి నాలుగడుగుల గోడని రెండుసార్లు దూకేసింది. పోస్ట్‌లో ఆ సంగతి రాస్తే ఎవరూ రారని రాయలేదు. ఒక పెద్దాయన, భార్య వచ్చారు. ఎంతో మంచివాళ్లు. వాళ్ల ఇంటి చుట్టూ గోడ కూడా అంతే ఎత్తు. రెండో రోజు పొద్దున గోడ దూకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు వెతికాం. పాదాలు కోసుకుపోయి, ఎముకలు తేలి, మా ఇంటి వైపు దారిలో ఒక గోడౌన్ దగ్గర దొరికింది. ఆ దంపతులు ఇక ఏ కుక్కనీ తెచ్చుకోలేదు. నేను ఒక్క వాక్యం రాసి ఉంటే వాళ్లు రాకపోయేవాళ్లేమో, కానీ వాళ్లకి తగిన ముసలి కుక్క అప్పుడు మా ఇంట్లోనే ఉంది. దాన్ని చూపించేదాన్ని.

గోధుమ గురించి నేను మొదట రాసింది ఇది:

> "ప్లీజ్ ప్లీజ్ అర్జెంట్! ఎవరో పాపాత్ములు వదిలేసిన ఈ బంగారుతల్లికి ఒక ఇల్లు కావాలి. అందరితో చాలా ఫ్రెండ్లీ. ఎవరినీ ఏమీ అనదు. ఏ ఇంట్లోనైనా సర్దుకుంటుంది. మీ ఒక్క షేర్ ఒక ప్రాణాన్ని కాపాడుతుంది."

ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. "ఎవరో వదిలేసిన" అన్నది నాకు తెలిసిన సంగతి కాదు, నా ఊహ. "ఏ ఇంట్లోనైనా" అన్నది అబద్ధం. కాళ్లు మానాక మళ్లీ రాసింది ఇది:

> "పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండి, రోజూ రెండుసార్లు నడకకి వెళ్లగలిగే ఫ్లాట్ వాళ్లకి, లేదా ఆరడుగుల గోడ ఉన్న ఇంటివాళ్లకి గోధుమ సరిపోతుంది.
>
> సుమారు మూడేళ్ల ఆడకుక్క, నాటు జాతి, 16 కిలోలు. నిలబడితే మోకాలి పైదాకా వస్తుంది. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉంది.
>
> పొద్దున ఆరింటికి లేచి మంచం పక్కన నిలబడుతుంది, మొరగదు. నడకలో మొదటి పది నిమిషాలు గట్టిగా లాగుతుంది, తర్వాత సర్దుకుంటుంది. పగలంతా మనం ఉన్న గదిలోనే నిద్ర. తలుపు గంట మోగితే మొరుగుతుంది, మనిషి లోపలికి వచ్చి కూర్చోగానే ఆపుతుంది. ఇంట్లో మూత్రం పోయదు. రెండు గంటలదాకా ఒంటరిగా ఉంచాం, ఒకసారి చెప్పు కొరికింది.
>
> నాలుగడుగుల గోడ దూకుతుంది. ఒకసారి తప్పిపోయి నాలుగు రోజులకి దొరికింది. కొత్త ఇంట్లో మొదటి నెల మెడపట్టీ, ఒంటికి వేసే హార్నెస్ రెండూ వేసి, రెండు గొలుసులతోనే బయటికి తీసుకెళ్లాలి. గొలుసు లేకుండా ఎప్పుడూ వదలకూడదు.
>
> పదేళ్లు దాటిన పిల్లలతో బాగా ఉంది. అంతకంటే చిన్నవాళ్లతో ఎప్పుడూ లేదు. పిల్లిని చూస్తే వెంటపడుతుంది, పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వను.
>
> ఆపరేషన్ అయింది. టీకాలు అయ్యాయి, పుస్తకం ఇస్తాను. తిండికి, గోమార్ల మందుకి కలిపి మాకు నెలకి మూడు వేల దాకా అవుతోంది. కుదరకపోతే ఎప్పుడైనా, ఎన్నేళ్లకైనా, నాకే తిరిగి ఇవ్వాలి."

దీనికి షేర్లు పాతిక కూడా రాలేదు. ఫోన్లు మూడు వచ్చాయి. మూడో ఫోన్ అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక స్కూల్ టీచర్ గారిది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "రెండు గొలుసులు ఎలా వేయాలో చూపిస్తారా?" అని. గోధుమ ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది.

మొదటి వాక్యం చూడండి. ఫోన్లో పోస్ట్ పైన రెండు మూడు వరుసలే కనపడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ రెండు వరుసల్లో "అర్జెంట్ ప్లీజ్" పెడితే చోటంతా వృథా. ఎలాంటి ఇంటికి ఈ కుక్క సరిపోతుందో అక్కడే చెప్తే, అలాంటి ఇల్లున్న మనిషి ఆగి చదువుతాడు. కష్టమైన సంగతి మాత్రం మొదట్లో కాకుండా, కుక్క రోజు ఎలా గడుస్తుందో చెప్పాక మధ్యలో పెట్టండి. అప్పటికి చదివేవాళ్లకి ఆ కుక్క తెలిసి ఉంటుంది. ఆఖర్న చిన్న అక్షరాల్లో పెట్టినా, పూర్తిగా చదవని వాళ్లకి దాచినట్టే అవుతుంది.

మీ కుక్క పోస్ట్‌లో గిన్నె గురించిన పేరా ఇలా ఉండొచ్చు. అంకెలు, వివరాలు మీరు గమనించినవి వేసుకోండి, నావి ఉదాహరణకే:

> "అన్నం తినేటప్పుడు ఆరడుగుల కంటే దగ్గరికి ఎవరైనా వెళ్తే బిగుసుకుని గుర్రుమంటుంది. ఎముకలున్న రోజు ఇంకా దూరం నుంచే. ఇప్పటిదాకా ఎవరినీ కరవలేదు. తినేశాక గిన్నె తీస్తే ఏమీ అనదు, మిగతా సమయంలో ఒళ్లో తల పెట్టి పడుకుంటుంది. మేం మేడ మీద ఒక మూలన గిన్నె పెట్టి దూరంగా ఉంటాం, పది నిమిషాల్లో తినేస్తుంది. ఎముకలు ఇవ్వడం మానేశాం. ఒక ఇంటికి వెళ్లి, అక్కడ తింటుండగా చిన్న బాబు దగ్గరికి వచ్చినప్పుడు గుర్రుమంటే ఆరో రోజున తిరిగి వచ్చింది. అందుకే పన్నెండేళ్లలోపు పిల్లలున్న ఇంటికి, వేరే కుక్క ఉన్న ఇంటికి ఇవ్వట్లేదు. గుర్రుమన్నప్పుడు కొట్టకుండా వెనక్కి తగ్గేవాళ్లు కావాలి."

తిరిగి వచ్చిన సంగతి కూడా రాయమంటున్నాను, చూడండి. మీ వీధిలో, మీ గ్రూపుల్లో అది ఎలాగూ తెలుస్తుంది. మీరే కారణంతో సహా చెప్తే అది కుక్క మీద మచ్చ కాదు, ఎలాంటి ఇల్లు కావాలో చెప్పే సమాచారం. ఆ కుటుంబాన్ని మాత్రం ఒక్క మాట కూడా అనకండి. "మనసులేని మనుషులు వదిలేశారు" అని రాస్తే, రేపు మాకు కుదరకపోయినా మమ్మల్నీ ఇలాగే అంటారని కొత్తవాళ్లు భయపడతారు.

"ఆపరేషన్, వ్యాక్సిన్లు అయ్యాయి" అన్నది కూడా కొంచెం విడమరచండి. రేబిస్ టీకా ఏ నెలలో వేయించారు, మళ్లీ ఎప్పుడు వేయించాలి, డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి వేసే కలిపిన టీకా ఎన్ని డోసులు అయింది, ఆపరేషన్ ఎప్పుడైంది అన్నవి చాలు. చెవి కొనకి కోత ఉంటే, అది ఆపరేషన్ అయిందని పెట్టిన గుర్తనీ, దెబ్బ కాదనీ చెప్పండి. ఫోటో చూసి అడుగుతారు. వయసు "సుమారు" అనే రాయండి. పాలపళ్లు ఊడి అన్ని పళ్లూ వచ్చేసిన తర్వాత, అంటే ఏడెనిమిది నెలలు దాటాక, పళ్ల అరుగుదల, గార చూసి చెప్పేదంతా అంచనాయే. పిల్లకుక్కలకే గిరాకీ అని వయసు తగ్గించి రాయడం మాత్రం వద్దు, మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లగానే బయటపడుతుంది.

పాత జబ్బులు, దెబ్బలు దాచకండి. టిక్ ఫీవర్ వచ్చి తగ్గిన కుక్క గురించి నేను ఇలా రాస్తాను: "గోమార్ల వల్ల వచ్చే జ్వరం వచ్చింది. 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడాం. తర్వాత రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నాయి, రిపోర్ట్ ఇస్తాను. నెలనెలా గోమార్ల మందు తప్పకూడదు. తిండి మానేసి నీరసపడినా, ముక్కులోంచి రక్తం వచ్చినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి." జబ్బు పేరు కన్నా, దానివల్ల తాము రేపు చేయాల్సింది ఏమిటో జనానికి కావాలి. మీ కుక్కకి తగిలిన దెబ్బ గురించీ అలాగే. కుంటుతుందా? మెట్లు ఎక్కగలదా? చలికాలంలో నొప్పి చేస్తుందా? మందేమైనా సాగుతోందా?

ఫోటోల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. దెబ్బ తగిలి రక్తంతో పడి ఉన్న ఫోటో మొదట పెట్టకండి. మేడ మీద మీరు కింద కూర్చుని, దాని కంటి ఎత్తులో తీసింది ఒకటి, మనిషి పక్కన నిలబడ్డది ఒకటి, నడకలో తీసిన అర నిమిషం వీడియో ఒకటి చాలు. మనిషి పక్కన ఫోటో ఎందుకంటే, ఫోటోలో చిన్నగా కనపడి ఇంటికొచ్చాక "ఇంత పెద్దదా?" అన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. "రేపటిలోగా ఎవరూ రాకపోతే వీధిలో వదిలేస్తాం" లాంటి గడువులు పెట్టకండి. గడువు చూసి పరిగెత్తుకొచ్చేవాళ్లకి ఇంట్లో అందరినీ అడిగే తీరిక ఉండదు.

మీ ఇంటి అడ్రసు పోస్ట్‌లో వద్దు, ప్రాంతం పేరు చాలు. రాత్రికి రాత్రి గేటు ముందు ఇంకో రెండు కుక్కపిల్లల్ని వదిలేసి పోతారు. మాకు రెండుసార్లు జరిగింది.

ఫోన్ చేసినవాళ్లని ఇంట్లో ఎవరెవరుంటారు, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా, ఊరెళ్తే కుక్కని ఎవరు చూస్తారు అని అడగండి. తర్వాత, గిన్నె గురించి పోస్ట్‌లో చదివారా, దానికి మీ ఇంట్లో ఏ మూల కేటాయిస్తారు అని అడగండి. "అదేం పర్లేదండీ, మా దగ్గర రెండు దెబ్బలేస్తే అదే నేర్చుకుంటుంది" అన్నవాళ్లకి మర్యాదగా కాదని చెప్పండి. "వంటింటి వెనక వసారాలో పెడతాం, అక్కడికి ఎవరూ రారు" అన్నవాళ్లని ఇంటికి పిలవండి.

పిలిచేటప్పుడు సాయంత్రం అది తినే టైంకి రమ్మనండి. ముందు ఓ అరగంట దాన్ని వాళ్ల దగ్గరికి వాసన చూడటానికి రానివ్వండి, వాళ్లంతట వాళ్లు చెయ్యి చాపకుండా. తర్వాత మూలన గిన్నె పెట్టి, పన్నెండు అడుగుల దూరంలో వాళ్లని మీ పక్కనే కూర్చోబెట్టుకుని, అది తినడం మొదలుపెట్టి ముగించేదాకా చూడనివ్వండి. బిగుసుకోవడం ఎలా ఉంటుందో, వదులవడం ఎలా ఉంటుందో అక్కడే చూపించండి. అదంతా చూశాక కూడా మర్నాడు వాళ్లే ఫోన్ చేస్తే, అప్పుడు కుక్కని పంపించే మాట మాట్లాడండి.